పంపు పెద్దదైతే ఇంపెల్లర్ ఎంత కోయాలి? వాల్వు దగ్గరి లెక్క నుంచి లేతు దాకా

పంపు డెలివరీ వాల్వు ఏళ్ల తరబడి సగం మూసే ఉంటే, ఆ పంపు అవసరానికి మించి పెద్దదని అర్థం. డిజైన్ చేసినవారు జాగ్రత్తకోసం పది శాతం కలుపుతారు, కొనేవారు ఇంకో పది కలుపుతారు, అమ్మేవారు తమ దగ్గరున్న పై సైజు ఇస్తారు. చివరికి ఆపరేటరు వాల్వు తిప్పి ఆ అదనమంతా అక్కడే చంపేస్తాడు. పంపు కష్టపడి పెంచిన ప్రెషర్‌లో ఒక భాగం వాల్వు దగ్గరే వృథా అవుతుంది, దానికీ కరెంటు బిల్లు కడుతూనే ఉంటాం. పంపు లోపల తిరుగుతూ నీటిని తోసే చక్రమే ఇంపెల్లర్, దాని వ్యాసాన్ని లేతు మీద తగ్గిస్తే ఆ అదనపు ప్రెషర్ అసలు పుట్టదు.

పని చిన్నదే, కానీ కోసిన లోహం మళ్లీ రాదు. అందుకే దీనిలో మూడొంతుల శ్రమ లేతు దగ్గరికి వెళ్లకముందే జరగాలి. విశాఖపట్నం గాజువాక పారిశ్రామిక ప్రాంతంలోని ఒక కర్మాగారంలో కంప్రెసర్లకు, చిల్లర్లకు చల్లని నీరు పంపే కూలింగ్ టవర్ పంపును ఉదాహరణగా తీసుకుని, మొదటి కొలత నుంచి చివరి కొలత దాకా లెక్క కట్టి చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే అయినా, ఇలాంటి పంపుల్లో మామూలుగా కనిపించే స్థాయిలోనే ఉన్నాయి.

ముందు, కోయకూడని పంపులు

ఫైర్ హైడ్రెంట్ పంపుల జోలికి పోవద్దు. వాటి అదనపు సామర్థ్యం వృథా కాదు, నిబంధన. నీటి అవసరం గంటగంటకూ మారే చోట కూడా కోత పనికిరాదు, అక్కడ వేగం మార్చే డ్రైవ్ పెట్టుకోవడమే నయం. ఏడాది పొడవునా దాదాపు ఒకే ప్రవాహం కావాల్సిన చోట మాత్రం డ్రైవ్ కన్నా కోతే మేలని నా అభిప్రాయం. డ్రైవ్ తనకంటూ కొంత కరెంటు తింటుంది, పైగా సముద్రపు ఉప్పుగాలి తగిలే మన ఊళ్లో దాని ప్యానెల్‌ను చల్లగా, శుభ్రంగా ఉంచడం మరో పని. కోసిన ఇంపెల్లర్‌కు ఆ తర్వాత ఏ సేవా అక్కర్లేదు.

రెండు పంపులు ఒకే లైనులోకి కలిసి నడుస్తుంటే ఒక్కదాన్నే కోయకూడదు. పెద్ద పంపు తోసే ప్రెషర్ ముందు చిన్నది నిలవలేదు. దాని నాన్-రిటర్న్ వాల్వు తెరుచుకోక, ఉన్న నీళ్లనే లోపల తిప్పుతూ వేడెక్కిపోతుంది. కోస్తే రెండూ కోయాలి. ఒకటి నడుస్తూ రెండోది స్టాండ్‌బైగా ఉండే చోట ఈ ఇబ్బంది లేదు, ముందు ఒకటి కోసి ఫలితం చూసుకోవచ్చు. మన ఉదాహరణ అలాంటిదే.

కొలతలు

పంపు నేమ్ ప్లేటు మీద గంటకు 300 ఘనపు మీటర్లు, 40 మీటర్ల హెడ్, అంటే అంత ఎత్తు నీటికి సమానమైన ప్రెషర్, నిమిషానికి 1480 చుట్లు, 55 కిలోవాట్ల మోటారు అని ఉంది. ఈ అంకెలు పంపు ఏం చేయగలదో చెబుతాయి, ఇప్పుడు ఏం చేస్తోందో చెప్పవు. దానికి నాలుగు కొలతలు కావాలి.

మొదటిది ప్రవాహం. పైపుకు బయటినుంచి తగిలించే అల్ట్రాసోనిక్ మీటరు అద్దెకు దొరుకుతుంది. వంపు నుంచి, వాల్వు నుంచి దూరంగా, తిన్నగా సాగే పైపు మీద తగిలించాలి. వాల్వును ఆనుకుని పెడితే అది చూపించే అంకెను నమ్మలేం. మన పంపులో 240 వచ్చింది.

రెండోది ప్రెషర్, మూడు చోట్ల: సక్షన్ వైపు, పంపు డెలివరీ దగ్గర, డెలివరీ వాల్వు దాటిన తర్వాత. ఆ మూడో గేజి చాలా చోట్ల ఉండదు. దానికోసం ఒక ట్యాపింగ్ వేయించుకోండి, ఎందుకంటే ఈ లెక్కంతా నిలబడేది దాని మీదే. సక్షన్ 0.1 కిలోలు, వాల్వు ముందు 4.5, వాల్వు తర్వాత 3.7 అనుకుందాం. ఒక కిలో ప్రెషర్ అంటే 10 మీటర్ల నీటి ఎత్తు. కాబట్టి పంపు ఇస్తున్న హెడ్ 44 మీటర్లు, అందులో వాల్వు మింగుతున్నది 8 మీటర్లు, మిగతా వ్యవస్థకు నిజంగా కావాల్సింది 36 మీటర్లే. మూడు గేజీలనూ ఒకే గేజితో సరిచూసుకోండి. రెండు పాత గేజీల మధ్య 0.3 కిలోల తేడా ఉండటం వింతేమీ కాదు, ఇక్కడ ఆ తేడా అంటే మనం పట్టుకోవాలనుకుంటున్న నష్టంలో మూడోవంతుకు పైనే.

మూడోది కరెంటు. క్లాంప్ మీటరుతో ఆంపియర్లు మాత్రమే చూసి సరిపెట్టుకోవద్దు. లోడు తగ్గినప్పుడు పవర్ ఫ్యాక్టరు కూడా తగ్గుతుంది, అప్పుడు ఆంపియర్లలో తగ్గుదల అసలు ఆదాను చూపించదు. మూడు ఫేజుల కిలోవాట్లు నేరుగా చూపే మీటరు వాడాలి. మన పంపు 40.7 కిలోవాట్లు తీసుకుంటోంది.

నాలుగోది ఎత్తు. టవర్ కింది తొట్టిలో నీటి మట్టం నుంచి పైన నీరు బయటపడే చోటికి ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. ఇక్కడ 10 మీటర్లు. ఈ ఎత్తు ప్రవాహంతో మారదు. మిగిలిన 26 మీటర్లు పైపుల్లో, పరికరాల్లో రాపిడికి పోతున్నాయి, ప్రవాహం తగ్గితే అవి వేగంగా తగ్గుతాయి.

ఈ కొలతలు ఏ నెలలో తీశారన్నది కొలతలంత ముఖ్యం. జనవరిలో టవర్ నీటిని బాగా చల్లబరుస్తుంది కాబట్టి తక్కువ ప్రవాహంతోనే పని జరిగిపోతుంది. మే నెల ఉక్కపోతలో గాలి తేమతో నిండి ఉంటే టవర్ నుంచి అంత చల్లని నీరు రాదు, అప్పుడు ఆపరేటరు వాల్వు కాస్త ఎక్కువ తెరుస్తాడు. జనవరి అంకెతో కోసిన ఇంపెల్లర్ మేలో చాలదు. లాగ్ పుస్తకంలో గత వేసవి రీడింగులు తీయండి, వాల్వు ఎన్ని చుట్లు తెరిచారో షిఫ్టు ఆపరేటరును అడగండి. ఈ లెక్కలో 240 అన్నది మే నెల అవసరం.

ఎంత కోయాలి: తప్పుదారులు రెండు, సరైన దారి ఒకటి

పుస్తకాల్లో కనిపించే సూత్రాలు ఇవి. Q ప్రవాహం, H హెడ్, P పవర్, D ఇంపెల్లర్ వ్యాసం.

```
Q2/Q1 = D2/D1
H2/H1 = (D2/D1)^2
P2/P1 = (D2/D1)^3
```

ఇప్పుడున్న ఇంపెల్లర్ వ్యాసం 330 మిల్లీమీటర్లు. చాలామంది చేసే మొదటి లెక్క ఇలా ఉంటుంది: హెడ్ 44 నుంచి 36కు తగ్గాలి, 36/44కు వర్గమూలం 0.905, అంటే 298 మిల్లీమీటర్లు. రెండో రకం లెక్క: వాల్వు పూర్తిగా తెరిస్తే 267 వస్తోంది, మనకు 240 చాలు, 240/267 అంటే 0.90, కాబట్టి 297. రెండూ దగ్గరగా వచ్చాయి కదా, ఒకదానికొకటి సాక్ష్యం అనిపిస్తుంది. రెండూ తప్పే.

కారణం ఇదీ. ఏ ప్రవాహం దగ్గర పంపు ఎంత హెడ్ ఇస్తుందో చూపే రేఖను పంపు వక్రరేఖ అంటారు. కోత వల్ల దాని మీది ప్రతి బిందువూ ఒకేసారి రెండు దిక్కులా కదులుతుంది, ప్రవాహంలోనూ తగ్గుతుంది, హెడ్‌లోనూ తగ్గుతుంది. మొదటి లెక్క హెడ్‌ను మాత్రమే తగ్గించి ప్రవాహాన్ని 240 దగ్గరే నిలబెట్టింది. రెండో లెక్క మారని 10 మీటర్ల ఎత్తును పట్టించుకోలేదు. అసలు అడగాల్సింది ఇది: కోసిన తర్వాత 240, 36 అనే బిందువు దగ్గరికి దిగివచ్చేది ఇప్పటి వక్రరేఖ మీద ఏ బిందువు?

దాన్ని గ్రాఫ్ కాగితం మీదే పట్టుకోవచ్చు. కావాల్సిన బిందువు గుండా ఒక పారాబోలా గీయాలి:

```
H = 36 x (Q/240)^2
```

260 దగ్గర ఈ రేఖ 42.3 మీటర్లు చూపుతుంది, అక్కడ పంపు వక్రరేఖ 42.8 దగ్గర ఉంది. 270 దగ్గర ఇది 45.6కు లేస్తుంది, పంపు 42.1కి దిగుతుంది. కాబట్టి రెండూ కలిసేది 261 దగ్గర. 240ని 261తో భాగిస్తే 0.92, దాన్ని 330తో గుణిస్తే 303 మిల్లీమీటర్లు. అంటే వ్యాసంలో 27 మిల్లీమీటర్ల కోత.

ఇక్కడితో ఆగినా ఎక్కువ కోసినట్టే. ఆ సూత్రాలు వ్యాసం బదులు పంపు వేగం మారినప్పుడు దాదాపు కచ్చితంగా పనిచేస్తాయి. మనం చేసేది అది కాదు, అంచు మాత్రమే తీస్తున్నాం. నీరు బయటికి వచ్చే చోట వేన్ అనే రెక్క కోణం, వెడల్పు కొద్దిగా మారతాయి, ఇంపెల్లర్‌కూ కేసింగ్‌కూ మధ్య ఖాళీ పెరిగి కొంత నీరు అక్కడే సుడి తిరుగుతుంది. ఫలితంగా లెక్క చెప్పినదానికన్నా హెడ్ ఎక్కువగానే పడిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు లెక్కలో వచ్చిన కోతలో 75 నుంచి 80 శాతమే మొదటిసారి తీస్తారు. 27లో మూడొంతులు 20. అంటే మొదటి కోత 310 మిల్లీమీటర్లకు.

మొదట్లో వచ్చిన 298ని నమ్మి కోసేసి ఉంటే, ఈ దిద్దుబాటు కూడా కలుపుకుంటే ప్రవాహం 225 దగ్గరికి పడిపోయేది. మే నెలలో చిల్లర్లు ట్రిప్ అవుతుంటే అప్పుడు కొత్త ఇంపెల్లర్ కోసం పరుగెత్తాలి.

తయారీదారు ఇచ్చిన వక్రరేఖల కాగితం దొరికితే ఈ శ్రమలో చాలా భాగం తప్పుతుంది. దానిలో ఒకే పంపుకు మూడు నాలుగు వ్యాసాలకు విడివిడి రేఖలు గీసి ఉంటాయి. పరీక్షించి గీసిన రేఖలైతే దిద్దుబాటు ఇప్పటికే వాటిలో ఉన్నట్టే, మళ్లీ 75 శాతం లెక్క వేయకూడదు. కావాల్సిన బిందువు ఏ రెండు రేఖల మధ్య పడిందో చూసి వ్యాసం చదువుకోవడమే. ఆ కాగితం మీదే కనిష్ఠ వ్యాసం కూడా రాసి ఉంటుంది, దాని కిందికి వెళ్లకూడదు. కాగితం లేకపోతే, ఆ కేసింగ్‌లో పట్టే గరిష్ఠ వ్యాసంలో 80 శాతం దగ్గర గీత గీసుకోండి. మన పంపుకు గరిష్ఠం 335 అయితే ఆ హద్దు 268, మనం చాలా పైనే ఉన్నాం. ఇది సన్నని అంచున్న రేడియల్ ఇంపెల్లర్ల మాట. అంచు వెడల్పుగా, నీరు ఏటవాలుగా బయటికి వచ్చే మిక్స్‌డ్ ఫ్లో ఇంపెల్లర్లు అంత కోతను తట్టుకోవు, వాటి సామర్థ్యం త్వరగా పడిపోతుంది.

పంపు విప్పినప్పుడు చూడాల్సినవి

ఇంపెల్లర్ బయటికి రాగానే ముందు దాని వ్యాసం మీరే కొలవండి. కాగితం మీద 330 అని ఉన్నా, ఎవరో ఎప్పుడో 320కి కోసి ఉండవచ్చు. అప్పుడు మన లెక్కంతా తలకిందులవుతుంది.

తర్వాత, ఇంపెల్లర్‌కూ కేసింగ్‌కూ మధ్య నీరు జారకుండా ఆపే వేర్ రింగుల ఖాళీ. రింగులు అరిగి ఉంటే డెలివరీ వైపు నీరు కొంత సక్షన్ వైపుకే తిరిగి జారుతుంది, మనం తీసిన కొలతలన్నీ ఆ జారుడుతో కలిసినవే. కొత్త రింగులు వేయగానే పంపు బలం పెరుగుతుంది. కాబట్టి అరిగిన రింగులుంటే ముందు అవి మార్చి, పంపు నడిపి, మళ్లీ కొలిచి, ఆ తర్వాతే కోత లెక్క వేయడం పద్ధతి. విసుగే, కాని ఒక్క రోజు విసుగు.

స్టోర్‌లో స్పేర్ ఇంపెల్లర్ ఉంటే దాన్నే కోయండి, నడుస్తున్నదాన్ని గ్రీజు రాసి దాచిపెట్టండి. లేకపోతే కోతకు ముందే ఒకటి ఆర్డరు పెట్టడం మంచిది. ఆదా అయ్యే కరెంటుతో పోలిస్తే దాని ధర పెద్దదేమీ కాదు.

లేతు మీద

ఆటోనగర్‌లో ఇంపెల్లర్ కోసే టర్నర్లకు కొదవ లేదు. పనితనం తెలిసేది వారు దాన్ని పట్టుకునే తీరులో. బయటి అంచును చక్‌లో బిగించి తిప్పబోతే అక్కడే ఆపండి. ఇంపెల్లర్ బోరులో బిగుతుగా కూర్చునే కడ్డీ, అంటే మాండ్రిల్, చేయించి, రెండు సెంటర్ల మధ్య పట్టాలి. డయల్ గేజి పెట్టి మాండ్రిల్ ఊగిసలాట 0.05 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోవాలి. బోరు కేంద్రమూ, కొత్త అంచు కేంద్రమూ ఒకటి కాకపోతే ఆ తర్వాత ఎంత బ్యాలెన్సింగ్ చేసినా పంపు సుఖంగా నడవదు.

టర్నరుతో మాట ఇలా నడుస్తుంది.

"మొత్తం ఇరవై ఏడు అన్నారు కదా సార్, ఒకేసారి తీసేద్దామా? మళ్లీ మళ్లీ విప్పడం ఎందుకు?"

"వద్దు బాబూ, మూడు వందల పది దగ్గర ఆపు. చాలకపోతే నేనే మళ్లీ తెస్తాను."

నత్తగుల్ల ఆకారపు వాల్యూట్ కేసింగ్ ఉన్న పంపులో వేన్‌లను, వాటికి రెండు వైపులా పళ్లాల్లా ఉన్న ష్రౌడ్‌లను కలిపి ఒకే వ్యాసానికి కోస్తారు. ఇంపెల్లర్ చుట్టూ కదలని రెక్కలతో డిఫ్యూజర్ ఉన్న మల్టీస్టేజ్ పంపుల్లో అలా కాదు, వేన్‌లను మాత్రమే కోసి ష్రౌడ్‌లను వదిలేస్తారు, లేకపోతే నీరు డిఫ్యూజర్‌లోకి సరిగ్గా దారి పట్టదు. వెనక ష్రౌడ్ మీద చిన్న వేన్‌లు ఉంటే అవి కూడా అదే వ్యాసానికి రావాలి.

కోత పలుచగా, ఒక్కో పాసుకు అర మిల్లీమీటరు లోతుతో సాగాలి. టూలు వేన్ తగిలినప్పుడు లోహాన్ని కోస్తుంది, వేన్‌ల మధ్య ఖాళీ వచ్చినప్పుడు గాలిలో ఉంటుంది, మళ్లీ దెబ్బతో లోహం మీదికి వస్తుంది. లోతు ఎక్కువైతే ఆ దెబ్బకు పోత ఇనుము అంచులు పెచ్చులూడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలు వణుకుతుంది. చివరి రెండు పాసులు ఇంకా పలుచగా తీయించండి.

కోత అయ్యాక వేన్ కొనలను దగ్గరగా చూడండి. కోయకముందు సన్నగా ముగిసిన కొన ఇప్పుడు మొద్దుగా, చదునుగా ఉంటుంది, ఎందుకంటే వేన్ లోపలికి వెళ్లేకొద్దీ మందంగా ఉంటుంది. ఆ మొద్దు కొన వెనక నీరు సుడి తిరుగుతుంది. వేన్ లోపలి వైపు, అంటే ఇంపెల్లర్ మధ్య వైపుకు తిరిగి ఉన్న ముఖం మీద, కొన నుంచి కొంత దూరం ఆకురాయితో ఏటవాలుగా తీసి కొనను మళ్లీ సన్నం చేయాలి. అన్ని వేన్‌లకూ ఒకే పొడవు, ఒకే మందం ఉండాలి. దీనివల్ల పోయిన సామర్థ్యంలో కొంత తిరిగివస్తుంది, హెడ్ కూడా రెండు మూడు శాతం పెరగవచ్చు. ఈ పని ఎక్కువమంది వదిలేస్తారు. నేనైతే వదలను.

బ్యాలెన్సింగ్

పోత వస్తువుల్లో లోహం అన్ని వైపులా సమానంగా ఉండదు. కంపెనీలో బ్యాలెన్స్ చేసి పంపిన ఇంపెల్లరే అయినా అంచు తీయగానే ఆ లెక్క చెడిపోతుంది. మళ్లీ చేయించాల్సిందే, మామూలు పంపులకు జి 6.3 గ్రేడు అడుగుతారు. మన ఇంపెల్లర్ 18 కిలోలు, 1480 చుట్లు అనుకుంటే, 140 మిల్లీమీటర్ల వ్యాసార్థం దగ్గర మిగిలే అసమతుల్యత దాదాపు 5 గ్రాములకు మించకూడదు. బరువు తగ్గించాల్సి వస్తే ష్రౌడ్ పైభాగాన్ని విశాలంగా, పలుచగా గ్రైండ్ చేయాలి. ఒకే చోట లోతుగా తవ్వితే అక్కడ ష్రౌడ్ బలహీనమై చిల్లు పడుతుంది. వేన్‌లను అసలు తాకకూడదు.

బిగించి నడిపాక

డెలివరీ వాల్వు మూసి పంపు మొదలుపెట్టి, నెమ్మదిగా పూర్తిగా తెరిచేయండి. తర్వాత అవే కొలతలు, అవే చోట్ల, అవే మీటర్లతో. మన ఉదాహరణలో 310 దగ్గర ప్రవాహం 244, హెడ్ 36.9 మీటర్లు, కరెంటు 34.3 కిలోవాట్లు వచ్చాయనుకుందాం. వాల్వు ముందు, తర్వాత గేజీలు దాదాపు ఒకే అంకె చూపుతాయి. కోతకు ముందు 40.7 కాబట్టి ఆదా 6.4 కిలోవాట్లు. ఏడాదికి 8,000 గంటలు నడిస్తే 51,200 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 3.58 లక్షల రూపాయలు.

పవర్ వ్యాసం ఘనంతో తగ్గుతుంది కదా, 310/330 ఘనం 0.83, 40.7 కాస్తా 33.7 కావాలి కదా అని అడగవచ్చు. ఆ ఘనం వర్తించేది జత బిందువుల మధ్య, అంటే పాత వక్రరేఖ మీది ఒక బిందువుకూ, కోత తర్వాత అది దిగివచ్చిన బిందువుకూ మధ్య. కోతకు ముందు వాల్వు బిగించి 240 దగ్గర తీసిన కరెంటుకూ, ఇప్పుడు పూర్తిగా తెరిచి 244 దగ్గర తీసిన కరెంటుకూ ఆ సూత్రం వేయకూడదు. అంకెలు దగ్గరగా రావడం ఇక్కడ కాకతాళీయం. యాజమాన్యానికి చూపే నివేదికలో మీటరు చూపిన తేడానే రాయండి.

అంకెలు అనుకున్నట్టు రాకపోతే వెతకాల్సిన చోట్లు కొన్నే. ప్రవాహం, హెడ్ రెండూ బాగా తక్కువగా ఉంటే ముందు మోటారు తిరిగే దిశ చూడండి. విప్పినప్పుడు ఫేజు వైర్లు తారుమారై ఉంటే పంపు వెనక్కి తిరుగుతూ కూడా నీరు పోస్తుంది, కానీ నీరసంగా. దిశ సరిగ్గా ఉంటే వేర్ రింగు అనుమానించాలి. వైబ్రేషన్ పెరిగితే మీటరులో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర పెరిగిందో చూడండి. 25 హెర్ట్జ్ దగ్గరైతే బ్యాలెన్సింగ్ లేదా మాండ్రిల్ తప్పు. ఆరు వేన్‌ల ఇంపెల్లర్‌కు 148 హెర్ట్జ్ దగ్గరైతే వేన్‌లు కేసింగ్ నాలుకను దాటేటప్పుడు పుట్టే దెబ్బ అది, కోత వల్ల ఖాళీ పెరుగుతుంది కాబట్టి మామూలుగా తగ్గాలి. తగ్గలేదంటే వేన్ కొనలు సమానంగా లేవేమో చూడాలి.

ఇక 244 వచ్చింది, కావాల్సింది 240, ఇంకో కోత తీయాలా? తీస్తే మరో కిలోవాటుకు పైగా తగ్గుతుంది, లెక్క ప్రకారం లాభమే. నేను మాత్రం ఇక్కడ ఆగుతాను. వేర్ రింగులు అరిగేకొద్దీ ఆ నాలుగూ వాటంతట అవే కరిగిపోతాయి. 250కి పైన వచ్చి ఉంటే, ఒక వేసవి గడిపి, మే నెల రీడింగులు చేతికొచ్చాక, మరో మూడు నాలుగు మిల్లీమీటర్లు తీయించడం సబబు. కొత్త వ్యాసాన్ని, కోసిన తేదీని పంపు నేమ్ ప్లేటు పక్కన ఒక చిన్న స్టీలు పలక మీద చెక్కించి బిగించండి, స్టోర్ రిజిస్టర్‌లో స్పేర్ వ్యాసం కూడా మార్చి రాయించండి. లేకపోతే రెండేళ్ల తర్వాత ఎవరో పాత నంబరుతో 330 ఇంపెల్లర్ తెప్పించి వేస్తారు, ఆపరేటరు మళ్లీ వాల్వు సగం మూస్తాడు.